మిడ్ రిపోర్ట్‌లో పచ్చగా ఉంటే పాసైనట్టేనా?

మొదటి మిడ్ పేపర్లు దిద్దడం అయిపోగానే చాలా కాలేజీల్లో సెక్షన్‌కి ఒక రిపోర్ట్ తయారవుతుంది. రోల్ నంబర్లు, సబ్జెక్టుల వారీగా మార్కులు, చివరి కాలమ్‌లో ఒక రంగు. ఎర్రగా ఉన్నవాళ్లని మెంటర్ పిలుస్తారు, ఒక్కోసారి ఇంటికి ఫోన్ కూడా వెళ్తుంది. పచ్చగా ఉన్నవాళ్ల జోలికి ఎవరూ రారు. ఆ రంగు వేసేది పెద్ద ప్రోగ్రామ్ ఏమీ కాదు, ఒక చిన్న రూల్. మొత్తం మార్కులు ఫలానా గీత కంటే తక్కువైతే ఎరుపు, అంతే. ఆ గీత ఎక్కడ గీయాలి, ఏ మార్కుల మీద గీయాలి అన్నదే ఈ వ్యాసం.

రామంతాపూర్, ఉప్పల్, నాచారం వైపు మనలో చాలామందిమి జేఎన్‌టీయూహెచ్ ఆర్22 రెగ్యులేషన్స్ కింద చదువుతున్నాం కాబట్టి లెక్కలన్నీ వాటితోనే చేద్దాం. థియరీ సబ్జెక్టుకి ఇంటర్నల్స్ 40, సెమ్ ఎండ్ ఎగ్జామ్ 60. ఒక్కో మిడ్ 30 మార్కులకి, అందులో బిట్స్ 10, రాసే ప్రశ్నలు 20. రెండు మిడ్‌ల సగటు తీసుకుంటారు. రెండు అసైన్‌మెంట్ల సగటు 5 మార్కులకి, వైవా లేదా ప్రెజెంటేషన్ ఇంకో 5 మార్కులకి. ఫార్ములాగా రాస్తే ఇలా ఉంటుంది:

```
CIE = (M1 + M2)/2 + (A1 + A2)/2 + P
```

పాసవ్వాలంటే మూడు గీతలు దాటాలి. ఇంటర్నల్స్‌లో 40కి 14, సెమ్ ఎండ్‌లో 60కి 21, రెండూ కలిపి 100కి 40. ఇంటర్నల్స్‌లో 14 రాకపోతే సెమ్ ఎండ్ పేపర్ ఎంత బాగా రాసినా ఆ సబ్జెక్టులో అది లెక్కలోకి రాదు.

14 గీత ఎందుకు చాలదు

రిపోర్ట్ తయారుచేసేవాళ్లకి మొదట తట్టే గీత 14. రెగ్యులేషన్‌లో ఉన్న అంకె కదా! కానీ ఒకసారి కూడిక చేసి చూడండి. ఇంటర్నల్స్‌లో సరిగ్గా 14 వచ్చినవాళ్లు సెమ్ ఎండ్‌లో 21 తెచ్చుకుంటే మొత్తం 35. ఫెయిల్. వాళ్లకి కావాల్సింది 26. అంటే వాళ్ల గీత 21 దగ్గర లేదు, ఐదు మార్కులు పైకి జరిగిపోయింది, ఆ సంగతి రిపోర్ట్‌లో ఎక్కడా కనపడదు. ఇంటర్నల్స్ 16 అయితే 24 కావాలి, 18 అయితే 22. 19కి చేరాకే 21 సరిపోతుంది.

కాబట్టి రెండు రంగులు కాదు, మూడు ఉండాలి. అంచనా 14 కంటే తక్కువైతే ఎరుపు, 14 నుంచి 19 లోపు పసుపు, 19 దాటితే పచ్చ. పసుపు రంగు పక్కన “సెమ్ ఎండ్‌లో నీకు ఇన్ని కావాలి” అని అంకె కూడా వేస్తే ఆ స్టూడెంట్‌కి ఒక పని చెప్పినట్టవుతుంది. ఉత్త రంగు భయపెడుతుంది, అంకె లెక్క చెబుతుంది.

ఇక్కడ “అంచనా” అన్నాను చూడండి, దానికి కారణం ఉంది. మొదటి మిడ్ తర్వాత మన చేతికి వచ్చేది సగం మిడ్, సగం అసైన్‌మెంట్. అంటే 40లో 17.5 మార్కుల సంగతే తేలింది. ఇంకా 22.5 మిగిలే ఉన్నాయి. అందుకే రెండో మిడ్‌లోనూ ఇలాగే రాస్తే ఎంతవుతుంది అని లెక్కేసి రంగు వెయ్యాలి. రెండో మిడ్ అయ్యాక ఇదే రిపోర్ట్ ఎంత అందంగా తయారుచేసినా, ఇంటర్నల్స్‌లో మార్చడానికి దాదాపు ఏమీ మిగలదు. ఫ్లాగ్ విలువంతా మొదటి మిడ్ తర్వాత వారం పది రోజుల్లోనే ఉంది.

ముగ్గురిని తీసుకుని చూద్దాం

ఉదాహరణకి ఒక సబ్జెక్టులో ముగ్గురు స్టూడెంట్స్ అనుకుందాం.

మొదటి అబ్బాయికి మిడ్‌లో బిట్స్ 3, రాసే భాగంలో 3, మొత్తం 6. అసైన్‌మెంట్ 4. ఇలాగే కొనసాగి ప్రెజెంటేషన్‌లో 4 వస్తే 6 + 4 + 4 = 14. గీత మీద నిలబడ్డాడు, సెమ్ ఎండ్‌లో 26 కావాలి. పసుపు వస్తుంది, కానీ ఒక్క మార్కు తగ్గినా ఎరుపే.

రెండో అమ్మాయికి బిట్స్ 7, రాసే భాగంలో 4, మొత్తం 11. అసైన్‌మెంట్ 5. ప్రెజెంటేషన్ కూడా 5 అనుకుంటే 11 + 5 + 5 = 21. నిండు పచ్చ. ఎవరూ పిలవరు. కానీ రాసే భాగంలో 20కి 4 అంటే ఇరవై శాతం. సెమ్ ఎండ్‌లో ఆప్షన్లు ఇచ్చి టిక్ పెట్టమనే బిట్స్ ఉండవు, కూర్చుని రాయాల్సిందే, అక్కడ కనీసం ముప్పై ఐదు శాతం రావాలి. నిజానికి ఈ ముగ్గురిలో నాకు ఎక్కువ భయం వేసేది ఈ అమ్మాయి గురించే. మొదటి అబ్బాయికి కనీసం తను ఇబ్బందిలో ఉన్నానని తెలుసు.

మొత్తం మార్కులు చూసే ఏ రూల్‌కైనా ఉన్న గుడ్డితనం ఇది. అసైన్‌మెంట్, ప్రెజెంటేషన్ మార్కులు క్లాస్‌లో అందరికీ దగ్గర దగ్గరగా పడితే, అవి ఎవరినీ ఎవరి నుంచీ వేరు చెయ్యవు, అందరినీ కాస్త పైకి లేపుతాయి. ఆ పదీ పూర్తిగా వచ్చినవాళ్లు మిడ్‌లలో 30కి సగటున 4 తెచ్చుకున్నా 14 గీత దాటేస్తారు! కాబట్టి రెండో రూల్ ఒకటి విడిగా పెట్టాలి: రాసే భాగంలో 20కి 7 కంటే తక్కువైతే, మొత్తం ఎంతున్నా సరే, పసుపు. ఏడెందుకంటే 20లో ముప్పై ఐదు శాతం అదే.

మూడో అతను మిడ్‌కి రాలేదు. షీట్‌లో మార్కు బదులు AB అని టైప్ చేశారు. అతని అసైన్‌మెంట్లు, ప్రెజెంటేషన్ నాలుగేసి అనుకుని, మొదటి మిడ్ సున్నాగానే ఉండిపోతే, 14 చేరడానికి రెండో మిడ్‌లో 12 కావాలి. అందరికంటే ముందు పిలవాల్సింది ఇతన్నే. కానీ షీట్ ఏం చేస్తుందో తెలుసా? ఎక్సెల్‌లో అక్షరాలని అంకెతో పోలిస్తే అక్షరాలే పెద్దవి. అంటే AB అనేది 10 కంటే తక్కువా అని అడిగితే “కాదు” అంటుంది. అతను పచ్చ! పైగా AVERAGE ఫంక్షన్ అక్షరాలున్న సెల్‌ని వదిలేసి సగటు తీస్తుంది కాబట్టి, రెండో మిడ్ తర్వాత సున్నా కలవకుండానే సగటు వచ్చేస్తుంది. దీనికి మందు చిన్నదే. ముందు అది అంకేనా అని అడగాలి:

```
=IF(ISNUMBER(B2), IF(B2<10,"CALL","OK"), "CALL")
```

అంకె కాకపోతే నేరుగా పిలవండి అని అర్థం. ఇలాంటి పొరపాటు ఉందో లేదో తెలుసుకోవడం కూడా తేలికే. ఆబ్సెంట్ అయినవాళ్ల పేర్లు అటెండెన్స్ రిజిస్టర్ నుంచి తీసుకుని, ఒక్కొక్కరికీ షీట్‌లో ఏ రంగు వచ్చిందో చూడండి. ఒక్కరు పచ్చగా కనిపించినా ఫార్ములా తప్పే.

ఇదే జబ్బు ఇంకో చోట కూడా వస్తుంది. కొందరు మిడ్ మార్కులతో పాటు పాత సీజీపీఏని కూడా రూల్‌లో కలుపుతారు. మన రామంతాపూర్‌లోనే గవర్నమెంట్ పాలిటెక్నిక్ ఉంది. ఇలాంటి చోట డిప్లొమా చేసి ఈసెట్ రాసి నేరుగా సెకండియర్‌లో చేరేవాళ్లకి ఫస్టియర్ సీజీపీఏ అనేదే ఉండదు. ఆ ఖాళీని సున్నా అనుకుంటే అందరూ ఎర్రగా, వదిలేస్తే అందరూ పచ్చగా మారిపోతారు. వాళ్లకి ఆ కాలమ్ పక్కన పెట్టి మిడ్ రూల్స్ మాత్రమే వాడాలి.

గీత పైకి జరిపితే ఏమవుతుంది

గీత సరైనదో కాదో ఎలా తెలుస్తుంది? పోయిన సంవత్సరం మొదటి మిడ్ మార్కుల మీద అదే రూల్ నడిపి, చివరికి ఎవరు ఫెయిలయ్యారో దానితో పోల్చాలి. ఊహించిన అంకెలతో చూద్దాం. 60 మంది సెక్షన్‌లో 12 మంది ఫెయిలయ్యారు. మిడ్‌లో 10 లోపు అని గీత పెడితే 15 మంది ఫ్లాగ్ అయ్యారు, అందులో 9 మంది నిజంగా ఫెయిల్. ముగ్గురు తప్పించుకున్నారు. గీతని 14కి జరిపితే 27 మంది ఫ్లాగ్ అయ్యారు, ఫెయిలైనవాళ్లలో 11 మంది దొరికారు. అంటే ఇంకో ఇద్దరిని పట్టుకోవడానికి మెంటర్ పన్నెండు మందితో ఎక్కువ మాట్లాడాలి. మనిషికి పావుగంట చొప్పున మూడు గంటలు.

మూడు గంటలకి ఇద్దరి సబ్జెక్టు మిగిలితే అది మంచి బేరమే అని నేనంటాను. కానీ ఒక షరతు ఉంది. ఫ్లాగ్ అంటే కూర్చోబెట్టి మాట్లాడటం అయితేనే. ఫ్లాగ్ అంటే నోటీస్ బోర్డు మీద పేరు, ఇంటికి ఫోన్ అయితే, అనవసరంగా ఫ్లాగ్ అయిన ఆ పదహారు మందికి నష్టం చేసినట్టే. అందుకే పసుపుకి మాట, ఎరుపుకి మాత్రమే ఫోన్ అని పనులు కూడా విడదీయాలి.

ఇంత సాదా రూల్స్ పనిచేస్తాయా అనే అనుమానం రావచ్చు. అమెరికాలోని చికాగో హైస్కూళ్ల మీద ఎలెయిన్ ఆలెన్స్‌వర్త్, జాన్ ఈస్టన్ 2005లో ఇచ్చిన రిపోర్ట్‌లో గీతలు రెండే. తొమ్మిదో తరగతి అయ్యేసరికి కనీసం ఐదు పూర్తి సంవత్సరపు క్రెడిట్లు ఉండాలి, మెయిన్ సబ్జెక్టుల్లో ఒక సెమిస్టర్‌కి మించి ఫెయిల్ ఉండకూడదు. ఆ రెండూ దాటిన పిల్లలు నాలుగేళ్లలో స్కూల్ పూర్తిచేసే అవకాశం, దాటనివాళ్ల కంటే మూడున్నర రెట్లు ఎక్కువని తేలింది. ఏ టీచరైనా కాగితం మీద వేసుకోగల లెక్క అది.

చివరిగా, ఈ రూల్‌తో వచ్చే ఒక తమాషా చిక్కు చెప్పాలి. ఫ్లాగ్ అయినవాళ్లతో మెంటర్ బాగా పనిచేసి వాళ్లలో చాలామంది పాసయ్యారనుకోండి. ఏడాది చివర్లో లెక్క చూసేవాళ్లకి “పదిహేను మందిని ఫ్లాగ్ చేశారు, ఇద్దరే ఫెయిలయ్యారు, రూల్ పనికిరాదు” అనిపిస్తుంది. వెంటనే గీత కిందికి జరుపుతారు, మరుసటి ఏడాది ఫెయిల్స్ పెరుగుతాయి. ఇలా కాకుండా ఉండాలంటే రిపోర్ట్‌లో ఇంకొక్క కాలమ్ చాలు: ఫ్లాగ్ అయ్యాక ఈ స్టూడెంట్‌తో ఎవరు, ఏ తేదీన మాట్లాడారు. పాసైనవాళ్లలో ఆ కాలమ్ నిండినవాళ్లెంతమందో, ఖాళీగా ఉన్నవాళ్లెంతమందో విడదీసి చూశాకే గీతని కదపాలి.

ఈసారి మీ చేతికి మిడ్ రిపోర్ట్ వస్తే రంగు చూసి మడిచి పెట్టేయకండి. రాసే భాగంలో 20కి ఎన్ని వచ్చాయో ముందు చూడండి. తర్వాత మీ ఇంటర్నల్స్ అంచనా వేసి, దాన్ని 40లోంచి తీసేయండి. మిగిలింది 21 కంటే ఎక్కువైతే సెమ్ ఎండ్‌లో మీ అసలు గీత అదే.