ఎముకకు ఆ తెలుపు ఎక్కడిది?

తలకు దెబ్బ తగిలి ఆసుపత్రికి వెళితే ముందుగా చేయించే పరీక్షల్లో సీటీ స్కాన్ ఒకటి. కాసేపటికి పెద్ద కవరులో ఫిల్ము చేతికిస్తారు. దాన్ని కిటికీ వెలుతురుకు పట్టి చూడనివాళ్లు అరుదు. వరసలు వరసలుగా తల అడ్డుకోతలు కనిపిస్తాయి. ఒక్కో కోత చుట్టూ తెల్లటి పుర్రె, లోపల బూడిద రంగు మెదడు, మధ్యలో నీరుండే నల్లటి అరలు. ఫొటో తీసినట్టే ఉంటుంది. కానీ ఆ బొమ్మలో ప్రతి చుక్కా ఒక లెక్కకు వచ్చిన జవాబు. ఏ జవాబుకు ఎంత తెలుపు వేయాలో మనుషులు పెట్టుకున్న ఏర్పాటు. ఎముక తెల్లగా కనిపించడంలో కొంత ఎముక గుణం, కొంత ఈ ఏర్పాటు. ఈ రెండో భాగం గురించి మనకు ఎవరూ చెప్పరు.

మామూలు ఎక్స్‌రేలో తలకు ముందున్నవీ వెనకున్నవీ అన్నీ ఒకదాని మీద ఒకటి నీడలుగా పడతాయి. పుర్రె నీడలో మెదడు మునిగిపోతుంది. ఈ చిక్కును విడదీసినవాడు గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్. ఆయన ఇంగ్లాండులో ఈఎంఐ కంపెనీ ఇంజనీరు. అవును, పాటల రికార్డులు వేసిన ఈఎంఐయే. 1971 అక్టోబరు 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో ఆయన యంత్రం తొలిసారి ఒక రోగి తలను కోతలుగా చూపింది. ఆ బొమ్మలో అడ్డంగా 80, నిలువుగా 80 గళ్లు మాత్రమే. ఇప్పుడు సాధారణంగా 512, 512. పద్ధతి మాత్రం ఆనాటిదే.

తలకు ఒక పక్కనుంచి సన్నని ఎక్స్‌రే కిరణం పంపి, అవతలి పక్క ఎంత బయటపడిందో కొలుస్తారు. దారిలో ఎంత ఆగిపోయిందో దాంతో తెలుస్తుంది, కానీ ఎక్కడ ఆగిందో తెలియదు. అందుకే చుట్టూ తిరుగుతూ అన్ని కోణాల నుంచీ కొలుస్తారు. నాలుగు గళ్లతో ఈ లెక్క వేసి చూద్దాం. పై వరస మొత్తం 3, కింది వరస 7 అని మాత్రమే చెబితే గళ్లలో ఏముందో చెప్పలేం. ఎడమ నిలువు 4, కుడి నిలువు 6 అని కూడా తెలిసినా ఇంకా తేలదు. పై ఎడమ నుంచి కింది కుడికి ఏటవాలుగా 5 అని తెలిశాక మాత్రం ఒక్క జవాబే మిగులుతుంది. పైన 1, 2. కింద 3, 4. సీటీ కంప్యూటరు లక్షల గళ్లకు చేసేది ఈ పనే.

అలా ప్రతి గడికీ, అక్కడి కణజాలం కిరణాన్ని ఎంత అడ్డుకుంటుందో ఒక విలువ వస్తుంది. ఈ విలువల్ని నీటితో పోల్చి రాస్తారు. నీటికి 0, గాలికి మైనస్ 1000. నీటి కంటే పది శాతం ఎక్కువ అడ్డుకునేదానికి 100. వీటినే హౌన్స్‌ఫీల్డ్ సంఖ్యలంటారు. కొవ్వు నీటి కంటే పలచన, దానిది మైనస్ 100 దరిదాపు. మెదడుకు 25 నుంచి 40 దాకా. గడ్డకట్టిన తాజా రక్తం 60, 70. పుర్రె గట్టి పొరలు వెయ్యి దాటి ఉంటాయి. మన శరీరంలోని మెత్తని భాగాల్లో చాలామట్టుకు సున్నాకు అటూ ఇటూ ఒక వందలో ఇరుక్కుని ఉంటే, ఎముక ఒక్కటే ఎక్కడో దూరంగా నిలబడింది.

అంత దూరం ఎందుకు? ఎముక బరువైనది కనుక అనేస్తారు చాలామంది. అది సగం జవాబే. గట్టి ఎముక సాంద్రత నీటికి సుమారు 1.9 రెట్లు. అడ్డుకోవడం సాంద్రతను బట్టి మాత్రమే పెరిగేట్టయితే ఎముక సంఖ్య 900 దగ్గర ఆగిపోవాలి. కానీ సీటీలో వాడే కిరణాల సగటు శక్తి దగ్గర నీటిలో ప్రతి సెంటీమీటరూ అడ్డుకునే విలువ సుమారు 0.19, గట్టి ఎముకది సుమారు 0.50. తేడా 0.31. దాన్ని 0.19తో భాగించి వెయ్యితో గుణిస్తే 1600 పైమాటే. 900కి పైన వచ్చిన మిగతాదంతా కాల్షియం చలవ, కొంత భాస్వరానిది.

కండ, కొవ్వు, మెదడు, రక్తం ప్రధానంగా హైడ్రోజన్, కార్బన్, నత్రజని, ఆక్సిజన్‌లతో తయారైనవి. వాటి పరమాణు సంఖ్యలు 1, 6, 7, 8. కాల్షియంది 20, భాస్వరానిది 15. ఎక్స్‌రే కణాన్ని పరమాణువు పూర్తిగా మింగేసే ప్రక్రియ ఒకటుంది. పరమాణు సంఖ్య పెరిగేకొద్దీ అది ఆ సంఖ్య ఘనానికి దగ్గరగా ఎగబాకుతుంది. 8 ఘనం 512, 20 ఘనం 8000. అందుకే కాస్త కాల్షియం చేరినా సంఖ్య గబాలున లేస్తుంది. దీనికి రుజువు యంత్రంలోనే చూడొచ్చు. ట్యూబు వోల్టేజీ 120 కిలోవోల్టుల నుంచి 80కి తగ్గిస్తే నీరు సున్నా దగ్గరే ఉంటుంది, మెదడు పెద్దగా కదలదు, ఎముక సంఖ్య మాత్రం బాగా పెరుగుతుంది. ఎముక సాంద్రత ఏమీ మారలేదు కదా. మారింది కాల్షియం మింగే వాటా.

ఇక తెలుపు సంగతి. పాత ఎక్స్‌రే ఫిల్ము మీద కిరణం పడినచోట నల్లబడేది, ఎముక అడ్డుపడినచోట తెల్లగా మిగిలేది. డాక్టర్ల కళ్లు దానికి అలవాటుపడ్డాయి. సీటీలో ఫిల్ము మీద నేరుగా కిరణం పడదు, ఉన్నవి సంఖ్యలు. పెద్ద సంఖ్యకు నలుపు వేసినా లెక్క తప్పేమీ కాదు. అలవాటు చెడగొట్టడం ఎందుకని పెద్ద సంఖ్యకు తెలుపే ఉంచారు.

అయితే ఇక్కడ ఇంకో ఇబ్బంది వచ్చింది. మైనస్ వెయ్యి నుంచి మూడు వేల దాకా నాలుగు వేల సంఖ్యలున్నాయి. వీటన్నిటికీ నలుపు నుంచి తెలుపు దాకా సమంగా పంచితే, మెదడుకూ రక్తానికీ ఉన్న ముప్ఫై తేడాకు వచ్చేది ఒక్క శాతం కంటే తక్కువ. కంటికి అది ఆనదు. అందుకని ఏ భాగం చూడాలో ఆ సంఖ్యల మధ్యే రంగులు పంచుతారు. దీన్ని విండో అంటారు. ఫిల్ము మూలన W 80, L 40 అని చిన్న అక్షరాల్లో ఉంటుంది, చూడండి. L అంటే నడిమి సంఖ్య, W అంటే వెడల్పు. అంటే 0 నుంచి 80 దాకా బూడిద ఛాయలు. 0, అంతకు దిగువన ఏమున్నా నలుపు. 80, అంతకు ఎగువన ఏమున్నా తెలుపు. ఈ విండోలో 300 ఉన్న గుల్ల ఎముక, 1600 ఉన్న గట్టి ఎముక, 3000 ఉన్న లోహం, మూడూ ఒకే తెలుపు. ఎముకలో సన్నటి పగులుంటే ఆ తెలుపులో కలిసిపోవచ్చు. అందుకే అదే స్కానును W 2000, L 500తో మళ్లీ చూస్తారు. రోగిని మళ్లీ పడుకోబెట్టనక్కర్లేదు, సంఖ్యలు అవే. అప్పుడు పుర్రె రెండు పొరలూ తెల్లగా, వాటి మధ్య గుల్ల భాగం బూడిదగా, పగులు నల్లటి గీతగా విడివడతాయి. మెదడు మాత్రం ఒకే ముద్దగా మారిపోతుంది.

ఈ విండో ఎంత పని చేస్తుందో ఒక కేసులో చూద్దాం. అరవై ఏళ్లాయన బండి మీద నుంచి పడ్డారనుకోండి. పుర్రెకు ఆనుకుని, మెదడు మీద మూడు మిల్లీమీటర్ల మందాన రక్తం పేరుకుంది. దాని సంఖ్య 65. 0 నుంచి 80 విండోలో 65 అంటే ఎనభై శాతం తెలుపు. పక్కనే నూరు శాతం తెలుపుతో పుర్రె. పుర్రె కాస్త మందంగా ఉందనుకుని కన్ను దాటిపోతుంది. అదే W 200, L 70 పెడితే రంగులు మైనస్ 30 నుంచి 170 దాకా పరుచుకుంటాయి. 65 నడిమి బూడిదలోకి దిగుతుంది, ఎముక తెల్లగానే ఉంటుంది. రెంటి మధ్యా గీత తేలుతుంది. తలకు దెబ్బ తగిలినవారి స్కానును రేడియాలజిస్టు ఇలా రెండు మూడు విండోల్లో తిప్పి చూడటం అందుకే. ఫిల్ములో మనకిచ్చేది వాటిలో ఒకటో రెండో. కాబట్టి ఫిల్మును సెల్‌ఫోనుతో ఫొటో తీసి, తెలిసిన డాక్టరుకు పంపి, ఏమీ లేదనిపించుకోవడం నా దృష్టిలో పనికొచ్చే పద్ధతి కాదు. సీడీలో ఉండే సంఖ్యలే అసలు స్కాను.

ఆ రక్తం తెల్లగా ఎందుకుందో కూడా చెప్పాలి. ఇనుము వల్ల అనుకుంటారు. అది చాలా కొద్దిగా ఉంటుంది. ముఖ్యకారణం హిమోగ్లోబిన్‌లోని ప్రొటీను చిక్కదనం. గడ్డకట్టి నీరు బయటికి పోయేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఆ తరవాత ప్రొటీను కరిగిపోతూ సంఖ్య దిగుతుంది. రెండు మూడు వారాలకు అది మెదడు సంఖ్యకే వచ్చేస్తుంది. అప్పుడు ఏ విండో పెట్టినా రక్తం, మెదడు ఒకే బూడిద. రక్తాన్ని నేరుగా చూడలేం. మెదడు మడతలు పుర్రె దాకా రాకుండా ముందే ఆగిపోవడం, నడిమి గీత ఒక పక్కకు జరగడం బట్టి పట్టుకోవాలి. ఇంకొన్నాళ్లకు అది మెదడు కంటే నల్లబడుతుంది. రక్తహీనత ఎక్కువగా ఉన్నవారిలో మొదటిరోజు రక్తమే మెదడులా కనిపించవచ్చు, ఎందుకంటే చిక్కబడటానికి హిమోగ్లోబినే తక్కువ.

దీనికి తిరకాసుగా, లేని రక్తం కనిపించడమూ ఉంది. ఒక గడి మందం ఐదు మిల్లీమీటర్లు అనుకుందాం. అందులో నూటికి 95 వంతులు 35 సంఖ్య ఉన్న మెదడు, మిగతా 5 వంతులు 1000 ఉన్న ఎముక కొస. యంత్రం ఇచ్చేది సగటు. 33, 50 కలిపి 83. అంటే రక్తం స్థాయి. పుర్రె అడుగుభాగంలో ఎముక ఎగుడుదిగుడుగా ఉంటుంది కనుక ఇలాంటి తెల్లటి మచ్చలు అక్కడ తరచూ పడతాయి. అనుమానం వస్తే ఒక మిల్లీమీటరు మందంతో కోతలు వేయించి చూస్తారు. ఎముక కొసయితే ఎముకతో కలిసి కనిపిస్తుంది, మచ్చ మాయమవుతుంది. రక్తమయితే నిలబడుతుంది.

ఫిల్ము చూసి ఇంట్లోవాళ్లు ఎక్కువగా భయపడేది మెదడు నడుమ బటాణీ కంటే చిన్నగా మెరిసే తెల్లచుక్కను చూసి. పెద్దవాళ్లలో పీనియల్ గ్రంథిలో కాల్షియం పేరుకోవడం మామూలు. రక్తమా కాల్షియమా అని తేల్చడానికి టెక్నీషియన్ మౌసుతో ఆ చుక్క మీద చిన్న వలయం గీస్తాడు. తెర మీద లోపలి సగటు సంఖ్య వస్తుంది. రక్తం గడ్డ వంద దాటడం అరుదు. అక్కడ రెండు వందలో మూడు వందలో కనిపిస్తే అది కాల్షియమే.