ముక్కు నీడ ఎటు పడింది?

సంవత్సరీకానికి గోడకు పెట్టే పెద్ద ఫోటో కోసం స్టూడియోకి వచ్చేవాళ్ల దగ్గర చాలాసార్లు సరైన ఫోటో ఉండదు. ఏ పెళ్లి ఆల్బంలోనో నలుగురి మధ్య నిలబడ్డ ముఖం ఒక్కటే దొరుకుతుంది. "నాన్నగారు నవ్వుతూ ఉన్నది ఇదొక్కటేనండీ, పంచె, కండువాతో కుర్చీలో కూర్చున్నట్టు చేసిపెట్టండి" అంటారు. తల కత్తిరించి వేరే ఒంటి మీద పెట్టడం, సైజు సరిచేయడం, రంగు కలపడం ఫోటోషాప్ తెలిసినవాళ్లకు పెద్ద పని కాదు. అన్నీ కుదిరాక కూడా ఇంటివాళ్లు కాసేపు చూసి, "బాగానే ఉంది కానీ ఎందుకో అతికించినట్టుంది" అంటారు. కారణం వాళ్లు చెప్పలేరు. చాలామటుకు అది వెలుతురే అయివుంటుంది. ఒంటి మీద లైటు ఒకవైపు నుంచి, ముఖం మీద ఇంకోవైపు నుంచి పడి ఉంటుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. పెద్దాయన ముఖం పెళ్లింటి హాల్లో తీసింది. చూసేవాళ్లకు ఎడమవైపు కిటికీ ఉంది, కాబట్టి ఆ వైపు నుదురు, చెంప మెరుస్తున్నాయి, కుడి చెంప చీకటిగా ఉంది. ఒంటి ఫోటో స్టూడియోలో తీసింది. అక్కడ లైటు కుడివైపు, కాస్త పైనుంచి. ఈ సంగతి లైటును చూడకుండానే తెలుస్తుంది: కండువా మడతలకు కుడి అంచులు తెల్లగా ఉన్నాయి, మెడ ఎడమ పక్కన నీడ ఉంది. ముఖంలో అయితే ముందు చూడాల్సింది ముక్కు నీడ. అది లైటుకు ఎదురు దిక్కున పడుతుంది. రెండోది కంటి నల్లగుడ్డు మీది మెరుపు చుక్క. అది లైటు ఎటుంటే అటే ఉంటుంది. ఈ రెండూ ఒంటి మీది లైటుతో కలవకపోతే బ్రష్ పట్టక తప్పదు.

ముఖాన్ని అద్దంలోలా తిప్పేస్తే సరిపోదా అని ఎవరికైనా తోస్తుంది. ఒక్కోసారి సరిపోతుంది కూడా. కానీ పుట్టుమచ్చ, పాపిడి, వంకర పన్ను అన్నీ అటుది ఇటు అవుతాయి. బయటివాళ్లు గమనించకపోవచ్చు, భార్యాపిల్లలు మాత్రం ఇట్టే పట్టేస్తారు. ఈ తిప్పలు కంప్యూటర్‌తో మొదలైనవి కావు. అబ్రహాం లింకన్ నిలువెత్తు చిత్రంగా చాలాకాలం చెలామణి అయిన ఒక ముద్రణ నిజానికి జాన్ కాల్హూన్ అనే మరో నాయకుడి ఒంటి మీద లింకన్ తల పెట్టి చేసింది. ముఖం మీది మచ్చ ఉండాల్సిన వైపు లేకపోవడమే దాన్ని పట్టించిందని చెబుతారు. మన పెద్దాయనకూ ఎడమ చెంప మీద మచ్చ ఉంది. తిప్పడానికి లేదు.

ఇక్కడ చాలామంది చేసే పని, కుడివైపు తెల్లబరచి ఎడమవైపు నల్లబరచడం మొదలుపెట్టడం. పాత నీడ పూర్తిగా పోకముందే కొత్తది పడుతుంది, ముఖం మసి పూసినట్టవుతుంది. పనిని రెండుగా విడగొట్టాలి. మొదట పాత వెలుతురును తీసేసి ముఖాన్ని మబ్బుపట్టిన రోజు ఆరుబయట తీసినట్టు సమంగా చేయాలి. ఆ తర్వాతే కొత్త వెలుతురు.

సమం చేయడానికి ముఖం లేయర్ పైన రెండు Curves లేయర్లు పెట్టి, రెండింటినీ ముఖానికే పరిమితం చేసుకోవాలి. ఒకదాన్ని పైకి లాగితే వెలుగు పెరుగుతుంది, దాన్ని డాడ్జ్ అంటారు. రెండోదాన్ని కిందికి లాగితే ముదురుతుంది, అది బర్న్. రెండింటి మాస్కులనూ Ctrl+I నొక్కి నల్లగా మార్చేస్తే ప్రభావం కనబడకుండా పోతుంది. ఇక తెల్ల రంగుతో, అంచు మెత్తగా ఉన్న పెద్ద బ్రష్‌తో, Flow అయిదు శాతం దగ్గర ఉంచి, కావలసిన చోట కొద్దికొద్దిగా రాసుకుంటూ రావాలి. చీకటి చెంప మీద డాడ్జ్, మెరిసే నుదుటి మీద బర్న్. అసలు ఫోటో చెక్కుచెదరదు. ఎక్కువైందనిపిస్తే అదే బ్రష్‌తో నల్ల రంగు రాస్తే వెనక్కి పోతుంది.

మన చామనఛాయ ముఖాల మీద ఇక్కడొక చిక్కు వస్తుంది. నీడను పైకి లేపితే చర్మం బూడిద రంగుకు తిరుగుతుంది, వెలుగును దించితే ఎర్రగా, ఇటుకలా తేలుతుంది. అందుకే పైన ఇంకో ఖాళీ లేయర్ పెట్టి, దాని మోడ్‌ను Color చేసి, నీడా మెరుపూ లేని చర్మం నుంచి రంగు తీసుకుని ఆ చోట్ల పలచగా పూయాలి.

ఇప్పుడు కొత్త వెలుతురు. Soft Light మోడ్‌లో సగం బూడిద రంగు నింపిన లేయర్ ఒకటి తీసుకుంటే సులువు: తెల్లటి బ్రష్ వెలుగిస్తుంది, నల్లటిది ముదురు చేస్తుంది, తాకని చోట ఏమీ మారదు. ముందు పెద్ద భాగాలు చూసుకోవాలి: ఎడమ కణత, ఎడమ చెంప, దవడ. వెలుగు నీడల హద్దు ముఖం మధ్యగా నిలువు గీతలా రాకూడదు. నుదుటి దగ్గర వంపు తిరిగి, కంటి గుంటలోకి దిగి, చెంప ఎముక మీదుగా బయటికొచ్చి, మళ్లీ నోటి వైపు జారాలి. ఆ వంపు తప్పితే ముఖం పలకలా కనిపిస్తుంది. ముక్కు పక్కలు, పెదవి కింది గుంట లాంటివి ఆఖరున చిన్న బ్రష్‌తో చాలు.

ఇంతవరకూ చేసింది ముఖం తన గుండ్రదనం వల్ల తానే ముదిరే నీడ. ఒకటి ఇంకోదాని మీద పడేసే నీడ వేరు, దానికి వేరే లేయర్ కావాలి. మోడ్ Multiply. నల్ల రంగు వాడొద్దు, ఒంటి ఫోటోలో మెడ మీద ఉన్న నీడ రంగునే ఐడ్రాపర్‌తో తీసుకోవాలి. అది ముదురు గోధుమ రంగులో ఉంటుంది. ముక్కు నీడ ఎడమవైపు, కాస్త కిందికి పడాలి. పొడవు ఎంతన్నది ఒంటి ఫోటోనే చెబుతుంది. కాలరు మెడ మీద పొడవాటి నీడ వేసిందంటే, ముక్కు నీడ పొట్టిగా ఉండటానికి వీల్లేదు.

గడ్డం కింది నీడ దగ్గరే నా దృష్టిలో అసలు పని ఉంది. తల మెడ మీద కూర్చున్నట్టు కనిపించడమూ గాల్లో తేలినట్టు కనిపించడమూ దీన్నిబట్టే. ఈ లేయర్ ముఖం లేయర్ కింద, ఒంటి లేయర్ పైన ఉండాలి. పైన పెడితే నీడ గడ్డం మీదకే ఎక్కుతుంది. దవడకు ఆనుకున్న చోట నీడ ముదురుగా, అంచు తెలిసేలా ఉండాలి, కాలరు వైపు దిగేకొద్దీ అంచు కరిగిపోవాలి. అంతటా ఒకే మెత్తదనం ఉంటే అది నీడలా ఉండదు, మరకలా ఉంటుంది.

కళ్లు మరిచిపోకూడదు. కిటికీ ఆకారంలో ఎడమవైపున్న పాత మెరుపును క్లోన్ చేసి చెరిపి, గడియారంలో ఒంటిగంట అంకె ఉండే చోట కొత్త చుక్క పెట్టాలి. దాన్ని మరీ తెల్లగా పెడితే గాజు కన్నులా ఉంటుంది.

పని కుదిరిందో లేదో చూడటానికి అన్నిటికీ పైన తాత్కాలికంగా Black & White లేయర్ పెడితే రంగులు పోయి వెలుగునీడలే మిగులుతాయి. అప్పుడు ఫోటోను తపాలా బిళ్లంత చిన్నగా చేసి చూడాలి. ముఖం ఒక్కటే ఎత్తి చూపినట్టుంటే ఇంకా తేడా ఉన్నట్టే. కాన్వాస్ అంతటినీ ఒకసారి అద్దంలోలా తిప్పి చూస్తే అలవాటుపడిన కంటికి దాగిన తప్పులు బయటపడతాయి.

కొన్ని ముఖాలకు ఈ వైద్యం పనిచేయదు. మిట్టమధ్యాహ్నం ఎండలో తీసిన ఫోటోల్లో కంటి గుంటలు కటిక నలుపైపోతాయి. అక్కడ చర్మం వివరమే నమోదు కాలేదు, ఎంత డాడ్జ్ చేసినా చుక్కచుక్కలుగా గరుకు తేలుతుంది. ఫ్లాష్‌కు తెల్లగా మాడిన నుదుటిని బర్న్ చేస్తే చర్మం రాదు, బూడిద మచ్చ వస్తుంది. కళ్లద్దాల మీద కిటికీ మొత్తం కనిపిస్తుంటే దాన్ని తీయడమంటే కళ్లు కొత్తగా గీయడమే. అలాంటప్పుడు ముఖాన్ని వదిలి ఒంటిని మార్చుకోవడం తేలిక: ఎడమ నుంచి లైటు పడిన ఒంటి ఫోటో వెతుక్కోవచ్చు, లేదా ఒంటి ఫోటోనే తిప్పేయొచ్చు. చొక్కా గుండీల పట్టీ, జేబు, కండువా వేసిన భుజం అటుది ఇటు అవుతాయి. గుండీలు కండువా కింద దాగి, జేబు కనబడని ఫోటో అయితే ఆ చిక్కూ లేదు.