సంతకానికి పైన ఒక వాక్యం

వెనకటి తెలుగు ఉత్తరాల్లో ఎవరు పెద్ద, ఎవరు చిన్న అన్నది మొదటి వాక్యంలోనే తేలిపోయేది. మేనమామకు రాసే కుర్రవాడు "నమస్కరించి వ్రాయునది" అని మొదలుపెడితే, మేనమామ "ఆశీర్వదించి వ్రాయునది" అని జవాబిచ్చేవాడు. ఫ్రెంచివాళ్లు ఈ పనిని ఉత్తరం చివర చేస్తారు. చెప్పాల్సిందంతా చెప్పాక, సంతకానికి ముందు ఒక మర్యాద వాక్యం రాస్తారు. దాన్ని ఫోర్మ్యూల్ ద పొలితెస్ అంటారు. రాసినవాడు తానెక్కడ నిలబడ్డాడో, ఎదుటివాణ్ణి ఎక్కడ కూర్చోబెట్టాడో ఆ ఒక్క వాక్యం చెప్పేస్తుంది.

ఫ్రాన్సుకు చదువుకోవడానికి వెళ్లే మన పిల్లలు ముందుగా తడబడేది ఇక్కడే. ఇంగ్లీషు ఉత్తరంలో చివర రాసే 'యువర్స్ సిన్సియర్లీ' అలవాటుతో ఫ్రెంచిలోనూ సాంసేర్‌మాఁ అని పెట్టేస్తారు. ఫ్రెంచివాళ్లకు ఆ మాట మనసు విప్పి మాట్లాడినట్టు వినిపిస్తుంది. దగ్గరివాళ్ల మధ్య బాగానే ఉంటుంది కానీ, ముక్కూమొహం తెలియని అధికారికి రాస్తే అతకదు.

ఈమెయిళ్లలో అన్నిటికంటే ఎక్కువగా కనబడేది కోర్దియాల్‌మాఁ. ఆఫీసులో పక్క విభాగం వాళ్లకు, బ్యాంకుకు, ఇల్లు అద్దెకిప్పించే ఏజెన్సీకి అందరూ ఇదే రాస్తారు. సాటివాళ్లు సాటివాళ్లకు రాసుకునే మాట ఇది. వాడి వాడి అరిగిపోవడంతో ఇందులో ఆప్యాయత పెద్దగా మిగల్లేదు. అది కావాలనుకుంటే ముందు బియాఁ చేర్చి బియాఁ కోర్దియాల్‌మాఁ అంటారు. మర్యాద సడలకుండానే కాస్త చనువు కనబడాలంటే బియాఁ ఆ వూ ఉంది. స్నేహితులకు అమికాల్‌మాఁ, ఇంట్లోవాళ్లకూ ప్రాణస్నేహితులకూ బీజ్. కొందరు కోర్దియాల్‌మాఁను కుదించి `Cdt` అని కొట్టి ఊరుకుంటారు. అలా కుదించడం నాకు నచ్చదు. మర్యాద కోసం రాసే మాటకు నాలుగు అక్షరాలు ఎక్కువ కొట్టే ఓపిక కూడా లేదని చెప్పినట్టవుతుంది.

రెస్పెక్త్యూజ్‌మాఁ దారి వేరు. కోర్దియాల్‌మాఁ రెండు వైపులా నడుస్తుంది. ఇది మాత్రం కింది నుంచి పైకే వెళ్తుంది. విద్యార్థి ప్రొఫెసర్‌కు రాయొచ్చు, పౌరుడు న్యాయమూర్తికి రాయొచ్చు, చిన్నవాడు వయసులో బాగా పెద్దవాళ్లకు రాయొచ్చు. ప్రొఫెసర్ మాత్రం విద్యార్థికి రాయడు. అలాగని పైవాడు కనబడినప్పుడల్లా వాడే మాటా కాదిది. ప్రైవేటు కంపెనీలో పేర్లు పెట్టి పిలుచుకుంటూ, 'నువ్వు' అనుకుంటూ, రోజూ కలిసి కాఫీ తాగే మేనేజర్‌కు దీన్ని పంపితే, వీడికి నామీద ఏమైనా కోపం వచ్చిందా అని ఆయన అనుమానపడతాడు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. రాజమండ్రి నుంచి గ్రెనోబుల్ వెళ్లి మాస్టర్స్ చదువుతున్న ఒక అమ్మాయి, ఒక ల్యాబ్‌లో ఇంటర్న్‌షిప్ అడుగుతూ పరిచయం లేని మహిళా ప్రొఫెసర్‌కు రాయాలి. ఇందులో రెండు కాగితాలుంటాయి. ఒకటి ఈమెయిల్, రెండోది దానికి జతచేసే లెత్ర్ ద మొతివాసియోఁ, అంటే తనకు ఆ పని మీద ఎందుకు ఆసక్తో చెప్పే ఉత్తరం. ఈమెయిల్ ఐదారు వాక్యాలది కాబట్టి చివర రెస్పెక్త్యూజ్‌మాఁ అన్న ఒక్క మాట సరిపోతుంది. జతచేసిన ఉత్తరం మాత్రం పాతకాలపు కాగితపు ఉత్తరానికి వారసురాలు. దానికి పూర్తి వాక్యం ఉండి తీరాలి. ఆమె ఇలా రాయొచ్చు:

```
Dans l'attente de votre réponse, je vous prie d'agréer,
Madame, mes respectueuses salutations.
```

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ, నా గౌరవపూర్వక నమస్కారాలను స్వీకరించవలసిందిగా మిమ్మల్ని వేడుకుంటున్నాను అని దీని భావం. ఒక్కో ముక్కనూ విడదీసి చూస్తే తప్పులు ఎక్కడ దొర్లుతాయో తెలుస్తుంది.

మొదటి ముక్క, జవాబు కోసం ఎదురుచూడటం. ఎదురుచూసేది రాసిన అమ్మాయి. అందుకే వెంటనే వచ్చే క్రియ కూడా 'నేను'తోనే ఉండాలి: జ వూ ప్రి, నేను వేడుకుంటున్నాను. చాలామంది ఇక్కడ వయే అగ్రేయే, అంటే 'దయచేసి స్వీకరించండి' అని రాసేస్తారు. అప్పుడు ఎదురుచూసేదీ స్వీకరించేదీ ప్రొఫెసరే అయిపోయి వాక్యం బెసుకుతుంది. వయే అగ్రేయే తప్పు మాటేం కాదు, రోజూ లక్షణంగా వాడేదే. ఎదురుచూపు ముక్క లేకుండా నేరుగా దానితోనే మొదలుపెడితే ఏ ఇబ్బందీ లేదు. మర్యాదలో మాత్రం 'వేడుకుంటున్నాను' ఒక మెట్టు పైన, 'దయచేసి' దాని కింద, ఒట్టి 'స్వీకరించండి', అంటే రసవే, ఇంకా కింద ఉంటాయి.

చివరి ముక్కలో ఏం పంపుతున్నామన్నది ఉంటుంది. సాల్యుతాసియోఁ, అంటే నమస్కారాలు, పంపేటప్పుడు నేరుగా పంపాలి. సాంతిమాఁ, అంటే మనోభావాలు, పంపేటప్పుడు ముందు 'వ్యక్తీకరణ' అన్న మాట, లెక్స్‌ప్రెసియోఁ, చేర్చాలి. భావాన్ని వ్యక్తం చేస్తాం, నమస్కారాన్ని పెడతాం కదా. ఈ రెండిటినీ కలిపేసి 'నా నమస్కారాల వ్యక్తీకరణను స్వీకరించండి' అని రాయడం ఫ్రాన్సులోనే సర్వసాధారణమైపోయింది. భాష మీద పట్టున్నవాళ్లు మాత్రం చూడగానే పట్టేస్తారు. వ్యక్తీకరణ బదులు లాస్యురాఁస్, అంటే హామీ, అన్న మాట కూడా వాడతారు. పాత మర్యాద ప్రకారం హామీ ఇచ్చేది సాటివాళ్లకూ కిందివాళ్లకూ. పైవాళ్ల ముందు భావాన్ని వ్యక్తం చేయడం వరకే. అందుకని విద్యార్థులు ఆ మాట జోలికి పోకపోవడమే మంచిది.

మనోభావాల విషయంలో ఇంకో చిక్కుంది. స్త్రీ పురుషుడికి గానీ, పురుషుడు స్త్రీకి గానీ రాసేటప్పుడు సాంతిమాఁ పంపకూడదని పాత మర్యాద. ఆ మాటలో ప్రేమ ధ్వనిస్తుందని భయం. ఇప్పుడు ఇంత పట్టింపు అందరికీ లేదు. కానీ పెద్ద వయసువాళ్లు, నోటరీలు, న్యాయవాదులు ఇంకా గమనిస్తూనే ఉంటారు. నమస్కారాలకు ఈ గొడవ లేదు, ఎవరికైనా పంపొచ్చు. మన అమ్మాయి సాల్యుతాసియోఁ ఎంచుకోవడానికి అదీ ఒక కారణం.

ఇక మధ్యలో ఉన్న పిలుపు. ఉత్తరం మొదట్లో ఎలా పిలిచామో చివరి వాక్యంలోనూ అక్షరం మారకుండా అలాగే పిలవాలి. మొదట మదామ్ అయితే చివరా మదామ్. మొదట షేర్ మదామ్ అని, అంటే 'ప్రియమైన' చేర్చి, పిలిస్తే చివరా షేర్ మదామ్. పరిచయం లేనివాళ్లకు ఆ 'ప్రియమైన' అసలు పెట్టరు. ఇంగ్లీషులోలాగా మదామ్ పక్కన ఇంటిపేరు చేర్చడం కూడా సంప్రదాయ ఉత్తరంలో పొరపాటే. పెళ్లి కాలేదని తెలిసినా మద్‌మ్వాజెల్ అనకండి. 2012 ఫిబ్రవరిలో ఫ్రెంచి ప్రధానమంత్రి కార్యాలయం ఒక సర్క్యులర్ జారీ చేసి, ప్రభుత్వ ఫారాల్లోంచి ఆ మాట తీసేయమంది. లాయరుకు, నోటరీకి రాసేటప్పుడు పిలుపు మేత్ర్. హోదా ఉన్నవాళ్లకు హోదాతో కలిపి పిలవాలి. ఫ్రెంచి పాలన 1954లో ముగిసినా, యానాంలో ఫ్రెంచి పౌరసత్వం ఉన్న కుటుంబాలకు పుదుచ్చేరిలోని ఫ్రెంచి కాన్సులేట్ జనరల్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు తప్పవు. అక్కడికి రాసేటప్పుడు మొదటా చివరా మొస్యూ ల కోన్స్యుల్ జెనెరాల్ అనాలి. పంపేది కూడా నమస్కారాలు కాదు, ఓత్ కోన్సిదెరాసియోఁ, అంటే అత్యున్నత గౌరవం.

గ్రెనోబుల్ అమ్మాయి సంగతికి వద్దాం. నాలుగు రోజుల తర్వాత ప్రొఫెసర్ జవాబిచ్చారు: "బోఁజూర్, మీ ఉత్తరం చూశాను, గురువారం రండి. బియాఁ కోర్దియాల్‌మాఁ." ఇప్పుడేం చేయాలి? పెద్దావిడ తానే మెట్లు దిగి వచ్చారు. రెండో ఈమెయిల్‌లోనూ రెస్పెక్త్యూజ్‌మాఁ పట్టుకుని కూర్చుంటే, ఆవిడ చాచిన చేతిని చూడనట్టవుతుంది. ఆవిడ వాడిన బియాఁ కోర్దియాల్‌మాఁనే తిరిగి వాడొచ్చు. అంతకంటే కిందికి మాత్రం చిన్నవాళ్లు తామై దిగకూడదు. మొదట్లో బోఁజూర్ మదామ్, వాక్యాల్లో 'మీరు' అలాగే ఉండాలి. ల్యాబ్‌లో చేరాక ఆవిడే పేరుపెట్టి పిలవమని, 'నువ్వు' అనుకుందామని అంటే, అప్పుడు చివర బోన్ జూర్నే, అంటే రోజు బాగా గడవాలని, రాస్తే చాలు. ఎప్పుడు దిగాలన్నది పెద్దవాళ్లు నిర్ణయిస్తారు. చిన్నవాళ్లు ఆ సంకేతం కోసం చూస్తూ ఉండాలి.

సంకేతాలు వెనక్కీ నడుస్తాయి. ఏడాదిగా బియాఁ కోర్దియాల్‌మాఁ అంటున్న సహోద్యోగి ఒక ఉదయం ఒట్టి కోర్దియాల్‌మాఁ అంటే తొందరలో రాసి ఉండొచ్చు. ఒట్టి సాల్యుతాసియోఁ అన్నాడంటే మాత్రం ఏదో బెడిసింది. కోపాన్ని ఇలా మర్యాదలోనే చూపడం ఫ్రెంచివాళ్లకు బాగా తెలుసు. అవసరమైనప్పుడు మనమూ చూపాలి. ఉదాహరణకు, ఖాళీ చేసిన గదికి కట్టిన డిపాజిట్ ఇంటి యజమాని తిరిగి ఇవ్వాలి. 1989 జులై 6 నాటి చట్టం ప్రకారం, గది ఇచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే అప్పగిస్తే నెలలోపు, తేడాలుంటే రెండు నెలలోపు ఇవ్వాలి. గడువు దాటితే రసీదుతో కూడిన రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపుతారు. ఆ ఉత్తరం చివర తిట్టు ఉండదు, గౌరవ విశేషణాలూ ఉండవు. 'వయే అగ్రేయే, మొస్యూ, మే సాల్యుతాసియోఁ దిస్తాంగే' అన్న పొడి వాక్యం ఉంటుంది. అదే ఉత్తరంలో రెస్పెక్త్యూజ్‌మాఁ పెడితే, హక్కుగా రావాల్సిన డబ్బును చేతులు కట్టుకుని అడిగినట్టు ఉంటుంది.

ఏది రాయాలో ఎంతకీ తేలకపోతే, పరిచయం లేనివాళ్లకు ఈ దిస్తాంగే వాక్యమే వాడండి. 'దయచేసి' బదులు 'వేడుకుంటున్నాను' పెట్టుకుంటే మంత్రి కార్యాలయం వరకూ చెల్లుతుంది. దాని కింద సంతకం చేసేటప్పుడు ఇంకొక్క జాగ్రత్త తీసుకోండి. మన అలవాటు ప్రకారం ఇంటిపేరును ఒక్క అక్షరంగా ముందు పెడితే, ఫ్రెంచి గుమాస్తాకు ఏది పేరో ఏది ఇంటిపేరో తెలియదు. సొంత పేరు ముందు, పాస్‌పోర్టులో ఉన్న ఇంటిపేరు పూర్తిగా తర్వాత, అదీ పెద్ద అక్షరాల్లో రాయండి.