‘Under Review’ అన్న తెర వెనుక

ఇంటర్వ్యూ అయి పన్నెండు రోజులైంది. హైదరాబాద్‌లో టెస్టింగ్ ఉద్యోగానికి దరఖాస్తు చేసిన ఒక అమ్మాయి రోజూ పోర్టల్ తెరిచి చూస్తుందనుకుందాం. అక్కడ అదే మాట: ‘Under Review’.

ఆ మాటను బట్టి ఏదీ తేల్చలేం. కంపెనీ లోపల వడపోత, ఇంటర్వ్యూ, జీతం ఆమోదం అంటూ చాలా దశలుంటాయి. అభ్యర్థికి మాత్రం తరచుగా అన్నిటికీ కలిపి ఒకే మాట కనిపిస్తుంది. పైగా రిక్రూటర్ సిస్టమ్‌లో దశ మారిస్తేనే చాలాచోట్ల అదీ మారుతుంది. మేనేజర్ మనసులో నిర్ణయం అయిపోయినా తెర కదలకపోవచ్చు.

అందుకే మెయిల్. ఇంటర్వ్యూ పిలుపు వచ్చిన పాత మెయిల్‌కే జవాబుగా రాసి, రిక్రూటర్‌ను కాపీలో పెడితే వెతుక్కునే పని తప్పుతుంది. సబ్జెక్టులో ఉద్యోగం పేరు, జాబ్ ఐడీ ఉండాలి. అదే పేరుతో నాలుగు ఖాళీలు ఉండొచ్చు మరి!

లోపల నాలుగు వాక్యాలు చాలు: ‘నమస్కారం. 3వ తేదీన టెస్టింగ్ ఉద్యోగానికి మీతో మాట్లాడాను. పోర్టల్‌లో ఇంకా ‘Under Review’ అనే ఉంది. తర్వాతి దశ ఎప్పటికి తేలవచ్చో చెప్పగలరా?’

‘ఏమైనా అప్‌డేట్ ఉందా?’ అంటే ‘చూస్తున్నాం’ అని తప్పించుకోవచ్చు. తేదీ అడిగితే అది అంత తేలిక కాదు. ఇంటర్వ్యూలో వాళ్లే రెండు వారాలు అని ఉంటే, ఆ గడువు దాటాకే రాయడం మర్యాద.