పని కబురు ఎటునుంచి వస్తుంది?

అమెరికాలోని బోస్టన్ శివారు న్యూటన్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లను మార్క్ గ్రానోవెటర్ ఒక ప్రశ్న అడిగాడు: కబురు చెప్పినవాళ్లను అప్పట్లో ఎంత తరచుగా కలిసేవారు? తెలిసినవాళ్ల ద్వారా పని దొరికినవాళ్లలో, వారానికి రెండుసార్లైనా కలిసేవాళ్ల వల్ల అన్నవారు 16.7 శాతమే. మిగతా అందరికీ అప్పుడప్పుడో, ఏడాదికోసారో కనిపించేవాళ్లే దారి చూపారు. 1973లో ఆయన చెప్పిన కారణం ఇది: దగ్గరివాళ్లకు తెలిసింది మనకూ ముందే తెలుసు, ముఖపరిచయస్థుడు వేరే లోకపు కబురు తెస్తాడు.

అయితే వాళ్లు చదువుకున్న, స్థిరపడిన ఉద్యోగులు. పొట్టచేత పట్టుకుని వలసపోయినవాళ్ల సంగతి?

మెక్సికో పల్లెల నుంచి అమెరికా వెళ్లినవాళ్లపై కైవాన్ మున్షీ 2003లో ప్రచురించిన పరిశోధన ఇక్కడ పనికొస్తుంది. ఊళ్లో వానలు పడకపోతే ఎక్కువమంది వలసపోతారు. కొన్నేళ్లు గడిస్తే వాళ్లే అక్కడ పాతకాపులు. అలా సొంతూరి పాతకాపులు ఎక్కువగా ఉన్న చోట, వలసదారుకు పని దొరికే అవకాశం, అందులోనూ పొలం పని కాకుండా మెరుగైన జీతమున్న పని దొరికే అవకాశం పెరిగింది. నిన్నగాక మొన్న దిగినవాళ్ల వల్ల అంత మేలు లేదు. వాళ్లూ పని వెతుక్కునేవాళ్లే కదా!

కాబట్టి పరిచయం పలచనా చిక్కనా అన్నదొక్కటే చూస్తే, నా ఉద్దేశంలో, సగమే చూసినట్టు. పరిచయస్థుడు ఏ పనిలో కుదురుకున్నాడో కూడా చూడాలి. ఊరివాళ్లంతా ఒకే రకం పనిలో ఉంటే, కొత్తవాడికి అందే కబురూ ఆ పనిదే.