ఒక్క డిగ్రీ, మూడున్నర మీటర్లు

దిక్సూచి ముల్లు చూపేది అయస్కాంత ఉత్తరం. పటం గీసేది ధ్రువం వైపున్న నిజ ఉత్తరాన్ని బట్టి. ఈ రెండింటి మధ్య కోణాన్ని దిక్పాతం అంటారు. మన తెలుగు నేల మీద ముల్లు ఇప్పుడు నిజ ఉత్తరానికి సుమారు ఒక డిగ్రీ పడమరగా నిలుస్తుంది. ఊరిని బట్టి కొంచెం అటూ ఇటూ. ఒక్క డిగ్రీయే కదా అని వదిలేస్తే పొలం పటానికి ఏమవుతుంది?

200 మీటర్ల గట్టు ఒకటి తీసుకుందాం. మొదటి హద్దురాయి దగ్గర నిలబడి, రెండో రాయి పక్కన పాతిన కర్రను దిక్సూచిలోంచి చూస్తే 62 డిగ్రీలు వచ్చింది. ముల్లే పడమరకు జరిగి ఉంది కాబట్టి, అక్కడి నుంచి సవ్యదిశలో కొలిచిన కోణం ఒక డిగ్రీ ఎక్కువ వస్తుంది. అది తీసేసి 61 అని గీయాలి. అలాగే 62 గీస్తే పటంలో రెండో రాయి మూడున్నర మీటర్లు పక్కకు పోతుంది. తీసేయాల్సింది పోయి కలిపితే ఏడు మీటర్లు. న్యూజెర్సీలో ముల్లు పన్నెండు డిగ్రీలకు పైగా పడమరకు ఉంటుంది. అక్కడ ఇదే గట్టు నలభై మీటర్లు దాటి తప్పుతుంది. ముల్లు తూర్పుకు ఉండే చోట మాత్రం దిక్పాతాన్ని కలపాలి.

ఈ తప్పు కాగితం మీద బయటపడదు. నాలుగు గట్లూ ఒకే కోణం తిరుగుతాయి కనుక గీత మొదటి రాయి దగ్గరికే వచ్చి కలుస్తుంది, విస్తీర్ణమూ సరిపోతుంది. ఉపగ్రహ చిత్రం మీద పెట్టినప్పుడే పొలమంతా ఒక పక్కకు తిరిగి కనిపిస్తుంది.

ఇనుము తెచ్చే తప్పు వేరు. బోరు కేసింగు, ముళ్లకంచె, కరెంటు స్తంభం దగ్గర ముల్లు పక్కకు లాగుతుంది. రెండో రాయి నుంచి వెనక్కి చూస్తే 62కు 180 కలిపి 242 రావాలి. 246 వచ్చిందంటే రెండు చోట్లలో ఒకదాని దగ్గర ఇనుముంది. నాలుగడుగులు జరిగి మళ్లీ చూడాలి. దిక్పాతం రెండు కొలతల్నీ సమానంగా మారుస్తుంది కనుక ఈ పరీక్షకు చిక్కదు.

ఫోన్ దిక్సూచి వాడేవారు ముందు సెట్టింగ్ చూసుకోవాలి. ఐఫోన్‌లో Use True North ఆన్‌లో ఉంటే సవరణ అప్పటికే జరిగిపోయింది. మళ్లీ తీసేస్తే కొత్త తప్పు చేసినట్టే. చేతి దిక్సూచిని చదవడంలోనే అర డిగ్రీ, డిగ్రీ తేడా వస్తుంది కాబట్టి గట్టు తగాదా తేల్చడానికి ఈ పటం చాలదు, సర్వేయరు రావాల్సిందే.

దిక్పాతం ఏళ్ల తరబడి మారుతూ ఉంటుంది. లండన్‌లో 1580లో ముల్లు 11 డిగ్రీలు తూర్పుకు ఉండేది, 1820 నాటికి 24 డిగ్రీలు పడమరకు వెళ్లింది. పాత దస్తావేజులోని బేరింగుకు ఆనాటి దిక్పాతమే వాడాలి. అందుకే మీరు గీసిన పటం మూలన కొలిచిన తేదీ, తీసేసిన డిగ్రీలు రాసి పెట్టండి.