బడ్జెట్‌లో పన్నుల అంచనా ఎందుకు తప్పుతుంది?

దేశ ఆదాయం నూటికి పది పెరిగితే పన్నుల రాబడి ఎంత పెరుగుతుంది? అదీ పది శాతమే పెరిగితే ట్యాక్స్ బోయెన్సీ 1 అంటారు. పన్నెండు పెరిగితే 1.2. ఇక్కడ జీడీపీని ధరల పెరుగుదలతో కలిపే లెక్కేస్తారు, ఎందుకంటే పన్ను పడేది బిల్లు మీది మొత్తం పైనే.

2019 జులైలో పెట్టిన కేంద్ర బడ్జెట్‌నే చూడండి. జీడీపీ 12 శాతం పెరుగుతుందనుకున్నారు. అంతకుముందు ఏడాది 20.80 లక్షల కోట్లున్న స్థూల పన్నుల రాబడి 24.61 లక్షల కోట్లకు చేరుతుందని రాశారు. అంటే 18 శాతం పెరుగుదల, బోయెన్సీ 1.5. నా దృష్టిలో ఇది మొదటి నుంచీ అత్యాశే.

తర్వాత వ్యాపారాలు మందగించాయి. సెప్టెంబరులో కంపెనీల పన్ను మూల రేటును మినహాయింపులు వదులుకున్నవాటికి 22 శాతానికి తగ్గించారు. రేట్ల మార్పు ప్రభావం కూడా బోయెన్సీలో కలిసే ఉంటుంది. చివరికి వచ్చింది 20.10 లక్షల కోట్లే. జీడీపీ 6 శాతం పైనే పెరిగినా పన్నులు తగ్గాయి, బోయెన్సీ సున్నా కిందికి పోయింది. 3.3 శాతం అనుకున్న ద్రవ్యలోటు 4.6కు చేరింది.

దెబ్బ ఢిల్లీతో ఆగలేదు. కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటా 8.09 లక్షల కోట్లు అనుకుంటే 6.51 లక్షల కోట్లే అందింది. ఆ వాటాను నమ్ముకుని ఖర్చులు రాసుకున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా ఉన్నాయి.

ఈసారి బడ్జెట్ వచ్చినప్పుడు పన్నుల పెరుగుదల శాతాన్ని జీడీపీ పెరుగుదల శాతంతో భాగించి చూడండి. రేట్లు పెంచకుండానే 1.3 దాటితే ఆ అంచనాను అనుమానించండి.